నీళ్లు చల్లబడ్డా అడవి తిరిగి రాలేదు

ఉత్తర కాలిఫోర్నియాలో మెండొసినో, సొనోమా తీరాల దగ్గర నీటి అడుగున అడవి ఉండేది. అది బుల్ కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు. అడుగున రాయిని పట్టుకుని మొలిచి, ఒక్క ఏడాదిలోనే నీటి పైకి అందుకుంటుంది. కాడ కొసన గాలి నిండిన బుడ్డి ఒకటి తేలుతూ, ఆకులను ఎండకు అందిస్తుంది. చలికాలపు తుఫాన్లకు చాలా మటుకు ఊడిపోతుంది. మళ్లీ వసంతంలో విత్తనాల్లాంటి బీజాల నుంచి కొత్తగా మొలవాల్సిందే. 2014 తర్వాత కొద్ది కాలంలోనే, 350 కిలోమీటర్ల పొడవునా ఈ అడవి 90 శాతానికి పైగా పోయింది.

కారణం వెతుక్కుంటూ వెళితే అలాస్కా దిగువన నడిసముద్రంలో తేలతాం. ఏటా చలికాలంలో అక్కడ పెనుగాలులు వీస్తాయి. అవి పైనీటి వేడిని లాగేస్తాయి, అడుగు చల్లనీటిని పైకి కలుపుతాయి. 2013-14 చలికాలంలో మాత్రం అధిక పీడనం ఒకటి వచ్చి నెలల తరబడి కదలకుండా కూర్చుంది. గాలులు మందగించాయి. ఎండ ఎక్కువ కాసిందని కాదు, పోవలసిన వేడి పోలేదు. కొన్నిచోట్ల నీరు మామూలు కంటే రెండున్నర డిగ్రీలు పైబడి వేడెక్కింది. వాషింగ్టన్ రాష్ట్ర వాతావరణవేత్త నిక్ బాండ్ ఆ వెచ్చని ముద్దకు ‘బ్లాబ్’ అని పేరు పెట్టారు. ఒక చోట ఆ తేదీకి దాదాపు 30 ఏళ్ల లెక్కలో నూటికి తొంభై రోజుల కంటే ఎక్కువ వేడి, వరసగా 5 రోజులు నిలిస్తే దాన్ని శాస్త్రవేత్తలు సముద్రపు హీట్‌వేవ్ అంటారు. ఇది 2016 దాకా నడిచింది.

రెండున్నర డిగ్రీలేగా అనిపించవచ్చు. కానీ తీరంలో కెల్ప్‌కు తిండి చల్లనీటితోనే వస్తుంది. వసంతంలో తీరం వెంబడి వీచే గాలి పైనీటిని సముద్రంలోకి నెడితే, ఆ ఖాళీలోకి అడుగు నుంచి నైట్రేట్ నిండిన చల్లనీరు ఎగదన్నుకొస్తుంది. పైన వెచ్చని పొర మందంగా పరుచుకుంటే ఆ సరఫరా తగ్గిపోతుంది. వేడి, ఆకలి రెండూ కలిసి నాచును దెబ్బతీశాయి.

అయినా నీళ్లు చల్లబడగానే అది తిరిగి మొలవాలి కదా? మొలవలేదు. ఎందుకంటే 2013లోనే నక్షత్రచేపలకు ఒక రోగం తగులుకుంది. చేతులు ఊడి, ఒళ్లు కరిగిపోయి చచ్చేవి. దానికి కారణం ఒక విబ్రియో బ్యాక్టీరియా అని 2025లో తేలింది. వెచ్చని నీటిలో రోగం మరీ ముదిరింది. సీ అర్చిన్‌లను, అంటే ఒళ్లంతా ముళ్లున్న గుండ్రటి జీవులను, వేటాడే పెద్ద సన్‌ఫ్లవర్ నక్షత్రచేప ఆ తీరంలో దాదాపు కనుమరుగైంది. మామూలప్పుడు ఊదారంగు అర్చిన్‌లు రాతి సందుల్లో నక్కి, కొట్టుకొచ్చే కెల్ప్ ముక్కలు తిని బతుకుతాయి. ఇప్పుడు ముక్కలూ లేవు, వేటగాడూ లేడు. అవి బయటికొచ్చి మొలకలను సైతం గీరి తినేశాయి. వాటి సాంద్రత 60 రెట్లు పెరిగింది. తిండి లేకపోయినా ఏళ్లపాటు చావకపోవడం వీటి ప్రత్యేకత. కొత్త మొలక కనిపిస్తే చాలు, ఆకలితో ఉన్న గుంపు దానిపై పడుతుంది.

కెల్ప్ తినే ఎర్ర అబలోన్ నత్తలు ఆకలికి మాడిపోయాయి. స్కూబా సిలిండర్లు లేకుండా ఊపిరి బిగబట్టి మాత్రమే తీయాలన్న నిబంధనతో సాగిన ఆ వేటను 2018లో మూసేశారు. అర్చిన్ వేటగాళ్ల పరిస్థితి మరీ విచిత్రం. జపాన్ హోటళ్లలో ‘ఊని’గా వడ్డించేది పెద్ద ఎర్ర అర్చిన్ లోపలి పచ్చని బీజకోశాలే. అడుగంతా అర్చిన్‌లే ఉన్నా, చిప్ప పగలగొడితే లోపల డొల్ల. కొనేవాడెవరు?

అలాస్కా ఖాతంలో కాడ్ చేప కథ వేరు, అక్కడ వేడి సూటిగానే దెబ్బ కొట్టింది. నీరు వేడెక్కితే చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది, తిండి ఎక్కువ కావాలి; ఆ ఏళ్లలో దాని ఆహారం తగ్గింది. గుడ్లు పొదిగేందుకు కావలసిన చల్లదనమూ లేదు. పైగా ఈ దెబ్బ వెంటనే బయటపడదు. 2017 సర్వేలో వలలకు చేప పడకపోయేసరికి అసలు సంగతి తెలిసింది. 2018 కోటాను 80 శాతం కోశారు. స్టెల్లర్ సీ లయన్‌లకు కాడ్ ఆహారం కాబట్టి, నిల్వ ఒక గీత దిగువకు పడితే వేట ఆపాలన్నది అక్కడి నిబంధన. 2020లో ఆ గీత దాటింది, ఫెడరల్ జలాల్లో కాడ్ వేట ఆగిపోయింది. మరుసటి ఏడాది కొద్దిపాటి కోటాతో మళ్లీ తెరిచారు.

మెండొసినోలో నోయో బే దగ్గర 2020 నుంచి, వేట పోయిన డైవర్లకే కూలి ఇచ్చి ఊదా అర్చిన్‌లను ఏరించారు. ఏరిన చోట నాచు కొంత తిరిగి మొలిచింది. కానీ అది చిన్న చిన్న మడుల పని. 350 కిలోమీటర్ల రాతినేలను చేతులతో ఏరలేరు. అందుకే సన్‌ఫ్లవర్ నక్షత్రచేపలను ల్యాబ్‌లో పెంచుతున్నారు, కడుపు నిండా అర్చిన్‌లు తినేవాళ్లు అవేనని.