రెండో ఊళ్లో సర్వర్లు: ఎంత ఖర్చుకు ఎన్ని నిమిషాలు?

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కొందరికి ఏమీ మిగల్లేదు. అందుకే రెండో ఊళ్లో ఏర్పాటు కావాలి. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి కాబట్టి ఆ రెండో చోటు మన దేశంలోనే దొరుకుతోంది. అయితే అక్కడ ఎంత సిద్ధంగా ఉంచాలి?

బస్సు టికెట్లు అమ్మే సంస్థ ఒకటి ఉందనుకుందాం. ముంబైలో 20 సర్వర్లకు నెలకు 6 లక్షలు, డేటాబేస్‌కు 4 లక్షలు ఖర్చు.

పైలట్ లైట్ పద్ధతిలో హైదరాబాద్‌లో డేటాబేస్ నకలు మాత్రమే నడుస్తుంది. గ్యాస్ గీజర్‌లో ఆరకుండా వెలిగే చిన్న మంట లాంటిది. సర్వర్లు ఆపి ఉంటాయి. చిన్న నకలుతో సరిపెట్టుకుంటే సుమారు 2 లక్షలు. ముంబై పడిపోయిన రోజున ఆ నకలును అసలు డేటాబేస్‌గా మార్చి, పెద్దది చేసి, 20 సర్వర్లు లేపి, వెబ్ చిరునామాను మళ్లించాలి. అరగంట నుంచి గంట పడుతుంది. అసలు ప్రమాదం మరోటి: అదే సమయంలో మిగతా సంస్థలూ హైదరాబాద్‌లో సర్వర్లు అడుగుతాయి. ముందే రిజర్వు చేసుకోకపోతే దొరక్కపోవచ్చు.

వార్మ్ స్టాండ్‌బైలో 4 సర్వర్లు ఎప్పుడూ నడుస్తుంటాయి. ఖర్చు 3.2 లక్షలు అవుతుంది. మళ్లించిన కొద్ది నిమిషాలకే టికెట్లు అమ్ముడవుతాయి, మొదట నెమ్మదిగానే అయినా. నా దృష్టిలో దీని అసలు విలువ వేగం కాదు. నడుస్తున్న వ్యవస్థ కాబట్టి అది పనిచేస్తుందో లేదో రోజూ పరీక్షించుకోవచ్చు.

యాక్టివ్-యాక్టివ్‌లో రెండు ఊళ్లూ ఒకేసారి టికెట్లు అమ్ముతాయి. ఒకటి పడితే రెండోది మొత్తం భారం మోయాలి కాబట్టి అదనంగా మరో 10 లక్షలు. అప్పుడు కూడా అంతరాయం సున్నా కాదు. 30 సెకన్లకోసారి పలకరించి, మూడుసార్లు జవాబు రాకపోతేనే దారి మళ్లించే ఏర్పాటైతే, ఒకటిన్నర నిమిషం అక్కడే పోతుంది.

డబ్బుకన్నా కష్టమైనది సీటు లెక్క. నకలు కొన్ని సెకన్లు వెనకబడితే 14వ నంబరు సీటు ముంబైలో ఒకరికి, హైదరాబాద్‌లో మరొకరికి అమ్ముడవుతుంది. రెండు చోట్లా రాశాకే టికెట్ ఖాయం చేద్దామంటే, దాదాపు 600 కిలోమీటర్ల దూరానికి కాంతి వెళ్లిరావడానికే ఫైబర్‌లో 6 మిల్లీసెకన్లు పడుతుంది, ప్రతి టికెట్‌కూ. అందుకే చాలామంది ఒక్కో బస్సు లెక్కను ఒక్క ఊరికే అప్పగిస్తారు. ఆ ఊరు పడితే ఆ బస్సుల వరకు మళ్లీ వార్మ్ స్టాండ్‌బై పద్ధతే.

ఇలాంటి సంస్థకు నేనైతే బుకింగ్‌కు వార్మ్ స్టాండ్‌బై, పాత లెక్కలు చూసే విభాగానికి పైలట్ లైట్ చాలంటాను. ఏది ఎంచుకున్నా పాత తేదీల బ్యాకప్ విడిగా ఉండాలి. పొరపాటున టికెట్ల పట్టిక ఎవరైనా చెరిపేస్తే, ఆ చెరుపు కూడా సెకన్లలో హైదరాబాద్ చేరుతుంది.