బావి గ్రాఫులో లేని ఫిబ్రవరి

మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి, "మామయ్యా, దీన్ని పట్టిక చేసివ్వవా?" అని అడిగాడు. రాయలసీమలోని ఒక ఊళ్లో ఉన్న పరిశీలక బావి నీటిమట్టం గ్రాఫు అది. 1998 మొదలు నుంచి 2007 చివరి దాకా పదేళ్ల లెక్క. పాత నివేదిక జిరాక్సును వాడు ఫోనుతో ఫొటో తీశాడు. అంకెలున్న అనుబంధం ఆ ప్రతిలోంచి ఎప్పుడో ఊడిపోయింది. మిగిలింది మిట్టపల్లాలుగా సాగే ఒక నల్లగీత. ఇప్పుడు అదే బావిలో తను కొలుస్తున్న మట్టాలను ఆనాటివాటితో పోల్చి చూడాలన్నది వాడి కోరిక. పోల్చడానికి గీత చాలదు, అంకెలు కావాలి.

గీతను తిరిగి అంకెలుగా మార్చడం వెనకున్న లెక్క స్కూల్లో నేర్చుకున్న త్రైరాశికమే. కష్టమంతా ఆ లెక్కకు ముందూ తర్వాతా ఉంటుంది.

ముందుగా ఫొటో సంగతి. వాడు మొదట పంపింది పనికిరాలేదు. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి గీత అంచులు మసకబారాయి. అదే బొమ్మను డాక్యుమెంటుగా పంపమన్నాక స్పష్టత వచ్చింది గానీ, ఇంకో లోపం బయటపడింది. గ్రాఫు చుట్టూ ఉన్న చట్రం ఎడమవైపు 1,200 పిక్సెళ్ల ఎత్తుంటే, కుడివైపు 1,140 మాత్రమే ఉంది. ఫోను కాస్త పక్కకు వాలినందువల్ల కాగితం కుడి అంచు కెమెరాకు దూరమైందన్నమాట. కంటికి ఆనని ఈ వాలు అంకెల్లో ఎంత తేడా తెస్తుందో చూడండి. ఎడమ అంచు కొలతనే నమ్ముకుని కుడి చివర చదివితే, 16 మీటర్ల లోతు 15.2గా వస్తుంది. ఎనభై సెంటీమీటర్ల నీళ్లు కెమెరా వాలులోనే పుట్టుకొచ్చినట్టు!

పేజీని బల్లమీద పరిచి, బైండింగు దగ్గర పైకి లేవకుండా అద్దం పలక పెట్టి, ఫోనును కొంచెం ఎత్తులో పట్టుకుని, జూమ్ చేసి మళ్లీ తీయమన్నాను. మరీ దగ్గర్నుంచి తీస్తే లెన్సు వల్ల అంచులు ఉబ్బుతాయి. ఆ ఫొటోను స్కానింగ్ యాప్‌లో పెట్టి, పేజీ నాలుగు మూలలూ పట్టుకుని చదును చేశాను. చట్రం ఎడమ కుడి పక్కలు దాదాపు సమానమయ్యాయి. అడ్డగీతల్లో ఏదీ విల్లులా వంగలేదు. వంగి ఉంటే కాగితం మడత పోలేదని అర్థం. దాన్ని ఏ యాప్‌తోనూ దిద్దడానికి ప్రయత్నించకుండా ఇంకో ఫొటో తీసుకోవడమే మేలు.

ఇక కొలత. కంప్యూటర్‌లో బొమ్మలు దిద్దే పెయింట్ లాంటి ప్రోగ్రాములో ఫొటో తెరిచి మౌసును కదిపితే, అది ఏ పిక్సెల్ మీద ఉందో కింద అంకెల్లో కనిపిస్తుంది. మొదటిది ఎడమ అంచు నుంచి దూరం, రెండోది పై అంచు నుంచి కిందికి దూరం. నిలువు అక్షం మీద 0 మీటర్ల గాటు 412 దగ్గర, 20 మీటర్ల గాటు 1,612 దగ్గర ఉన్నాయి. అంటే 1,200 పిక్సెళ్లకు 20 మీటర్లు, మీటరుకు 60. ఇది నేలమట్టం నుంచి నీళ్ల లోతు చూపే గ్రాఫు కాబట్టి సున్నా పైన ఉంటుంది, గీత కిందికి దిగేకొద్దీ నీళ్లు అడుగంటుతున్నట్టు. ఏ మలుపు పిక్సెల్‌నైనా ఎక్సెల్‌లో B2 గడిలో వేసి, పక్క గడిలో ఈ సూత్రం రాస్తే లోతు వస్తుంది.

```
=(B2-412)*20/(1612-412)
```

2001లో అన్నిటికన్నా కిందికి దిగిన మలుపు 1,348 దగ్గర ఉంది. 412 తీసేస్తే 936, దాన్ని 60తో భాగిస్తే 15.6 మీటర్లు. గాట్లు రెండింటినీ వీలైనంత దూరంగా ఎంచుకోవాలి. 0, 5 గాట్లను పట్టుకుంటే, గుర్తించడంలో పడిన రెండు పిక్సెళ్ల తప్పు 20 దగ్గరికి వెళ్లేసరికి నాలుగింతలవుతుంది. చివరి గాట్లతో కొలత కుదుర్చుకుని, మధ్యలో ఉన్నదానితో పరీక్షించడం నా అలవాటు. లెక్క ప్రకారం 10 మీటర్ల గాటు 1,012 దగ్గర ఉండాలి, 1,014 దగ్గర ఉంది. మూడు సెంటీమీటర్ల తేడాయే కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. పది, ఇరవై పిక్సెళ్ల తేడా వచ్చి ఉంటే ఫొటో ఇంకా వాలి ఉందనో, అక్షం సమానమైన కొలత కాదనో అనుకోవలసి వచ్చేది.

ఈ పనంతా చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. WebPlotDigitizer వాటిలో పేరున్నది. `X1`, `X2`, `Y1`, `Y2` అనే నాలుగు గుర్తుల దగ్గర నొక్కి, వాటి విలువలు చెబితే, తర్వాత మీరు నొక్కిన ప్రతి చుక్కకూ అంకె ఇస్తుంది. లోపల జరిగేది పై సూత్రమే. గీత రంగు చెబితే తనంతట తనే గీత పొడవునా నడిచి వందల చుక్కలు ఏరిపెట్టే సదుపాయం కూడా ఉంది. ఇక్కడ నేను దాన్ని ముట్టుకోలేదు. ఈ బావిని ఏటా నాలుగుసార్లే కొలిచారు. పదేళ్లకు నలభై కొలతలు. వాటి మధ్య ఉన్న గీత నీళ్లు నడిచిన దారి కాదు, రెండు కొలతలను కలుపుతూ ఎవరో వేసిన సరళరేఖ. మధ్యలోంచి చుక్కలు ఏరి పట్టికలో పెడితే, ఎవరూ కొలవని రోజుకు మట్టం రాసినట్టే. అందుకే గీత విరిగిన చోట్లనే, ఒక్కొక్కటిగా చేత్తో నొక్కాను.

విరుపు దగ్గరా ఒక కిటుకుంది. గీత మందం తొమ్మిది పిక్సెళ్లు, అంటే పదిహేను సెంటీమీటర్లు. కోసుగా ఉన్న మలుపులో ఆ మందమంతా బయటికి పొడుచుకొస్తుంది. కొసను నొక్కితే ప్రతి ఎండాకాలం ఉన్నదానికన్నా లోతుగా, ప్రతి వానాకాలం ఉన్నదానికన్నా పైకి వస్తుంది. రెండు వైపుల నుంచి వచ్చే గీతల నడిమి భాగాలు కలిసే చోటే అసలు చుక్క.

లోతులు ఇలా కుదిరాయి. నన్ను బోల్తా కొట్టించినవి తేదీలు. అడ్డు అక్షం మీద 1998 గాటు 380 దగ్గర, 2008 గాటు 2,780 దగ్గర ఉన్నాయి. ఏడాదికి 240 పిక్సెళ్లు, నెలకు 20. 2001 గాటు 1,100 దగ్గర పడుతుంది. ఆ ఏడాది నాలుగు మలుపులు 1,130, 1,190, 1,250, 1,310 దగ్గర ఉన్నాయి. లెక్క వేస్తే ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల నడిమి రోజులు వచ్చాయి. ముచ్చటగా ఉందనుకుని పట్టిక పంపేశాను.

"మామయ్యా, ఫిబ్రవరిలో కొలవరు కదా" అని వాడు రాత్రి ఫోన్ చేశాడు. నివేదికలో ఇంకో పేజీ కూడా వాడి దగ్గరుంది. కొలతలు జనవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో తీశామని అందులో స్పష్టంగా ఉంది. కేంద్ర భూగర్భ జల మండలి పద్ధతి కూడా దాదాపు అదే, ఏటా నాలుగుసార్లు. మూడు నెలలు సరిగ్గా సరిపోయి ఒక్కటి తప్పడమేమిటని మళ్లీ గ్రాఫు చూస్తే, కళ్లముందున్నదే నాకు కనిపించలేదని తెలిసింది. మలుపుల మధ్య దూరం ఎక్కడ చూసినా అరవై పిక్సెళ్లే. కొలత తీసిన నెలల మధ్య దూరాలు మాత్రం సమానం కావు. జనవరి నుంచి మేకు నాలుగు నెలలు, నవంబరు నుంచి జనవరికి రెండే. అది నిజమైన కాలరేఖ అయితే ఒకటి ఎనభై, ఇంకొకటి నలభై పిక్సెళ్లు ఉండాలి.

ఎక్సెల్‌లో లైన్ చార్టు వేసినవాళ్లకు దీని కారణం తట్టే ఉంటుంది. అడ్డు వరసలో ఉన్నవి పేర్లయితే, అది వాటిని నెలలుగా చూడదు, వరసలో నిలబడ్డ మనుషులుగా చూస్తుంది. అందరికీ సమానమైన జాగా ఇచ్చి, చుక్కను ఆ జాగా నడుమ పెడుతుంది. ఏడాదిని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి మూడు నెలలు. మొదటి ముక్క నడిమి భాగం ఫిబ్రవరిలో పడుతుంది. మిగిలిన మూడూ అసలు నెలల మీదే పడటం కాకతాళీయం. అన్నీ తప్పి ఉంటే నేను వెంటనే అనుమానించేవాణ్ణి. ఇలాంటి గ్రాఫులో తేదీని పిక్సెల్‌తో కొలవకూడదు, మలుపులను ఒకటి, రెండు అని లెక్కపెట్టి నెలల పేర్లు తగిలించాలి.

తేడా చిన్నదేం కాదు. 2001 మొదటి మలుపు 12.8 మీటర్లు, రెండోది 15.6. మొదటిది ఫిబ్రవరి అనుకుంటే 2.8 మీటర్లు మూడు నెలల్లో పడిపోయాయి, నెలకు 93 సెంటీమీటర్లు. జనవరి అయితే నాలుగు నెలలు, నెలకు 70. ఎండాకాలంలో ఆ బావి ఎంత వేగంగా తరిగిపోయేదో తెలుసుకోవడానికే మావాడు ఈ పట్టిక అడిగాడు.

2003 దగ్గర గీత మరోలా ప్రవర్తించింది. దానికి ముందటి ఏడు, 2002, దేశమంతటా వానలు మొహం చాటేసిన కరువు సంవత్సరం. 2003 జనవరి, మే, ఆగస్టు మలుపులు మూడూ 1,492 దగ్గరే, గీసినట్టు నేలబారుగా ఉన్నాయి. లోతు 18.0 మీటర్లు. ఏడు నెలలపాటు నీళ్లు ఒక్క సెంటీమీటరు కూడా కదలకుండా ఉంటాయా? బావి ఎంత లోతని మావాణ్ణి అడిగితే, పద్దెనిమిది మీటర్ల తవ్వుడు బావి అన్నాడు. అంటే ఆ మూడు చుక్కలూ నీటిమట్టాలు కావు, ఎండిన బావి అడుగు. కొలిచినాయనకు టేపు నేలకు తగిలి ఉంటుంది. నీళ్లు అంతకన్నా ఎంత కిందికి పోయాయో గ్రాఫులో లేదు, ఏ సాఫ్ట్‌వేరూ బయటికి తీయలేదు. ఆ గడుల్లో 18.0 అని రాస్తే, పదేళ్ల సగటు నిజం కన్నా పైకి తేలుతుంది.

మర్నాడు మొదటి పట్టిక చూడకుండా నలభై మలుపులనూ మళ్లీ నొక్కాను. రెండుసార్లకూ మధ్య తేడా చాలా చోట్ల నాలుగైదు పిక్సెళ్లు, అంటే ఏడెనిమిది సెంటీమీటర్లు. ఎక్సెల్ 15.5833 లాంటి అంకెలు ఉదారంగా ఇస్తుంది కానీ, నా చేతికున్న నిలకడకు దశాంశం తర్వాత ఒక్క స్థానం మించి రాసే హక్కు లేదు. పట్టికతో కొత్త గ్రాఫు గీసి, సగం పారదర్శకంగా చేసి పాత ఫొటో మీద పరిచాను. ఒక్క చోట, 2005లో, గీత పక్కకు తప్పింది. చూస్తే ఆ మలుపుకు రెండుసార్లు నొక్కి, తర్వాతిదాన్ని వదిలేశాను. ఇక చేతిపొరపాట్లతో సంబంధం లేని పరీక్ష ఒకటి దొరికింది. నివేదిక వివరణలో ఒక వాక్యంలో 2001 మే మట్టం 15.48 మీటర్లని రాసి ఉంది. నేను చదివింది 15.6. పన్నెండు సెంటీమీటర్లు ఎక్కువ. నేను రెండుసార్లు నొక్కినప్పుడు వచ్చిన తేడా కన్నా ఇది పెద్దది. అందుకే పట్టిక పైన పొరపాటు పరిమితిని ఏడెనిమిది అని కాక, అటూ ఇటూ పదిహేను సెంటీమీటర్లని వేశాను. ఆ ఒక్క గడిలో మాత్రం నా అంకె కొట్టేసి 15.48 పెట్టి, అది గ్రాఫులోంచి కాదు, వివరణలోంచి తీసుకున్నదని పక్కన రాశాను.

మావాడికి చివరికి వెళ్లిన పట్టికలో నలభై వరసలున్నాయి. ముప్పయ్యారింట్లో నేను చదివిన లోతులు, ఒకదానిలో నివేదిక చెప్పిన లోతు, మిగిలిన మూడింట్లో "18 కన్నా కింద, బావి ఎండింది" అనే మాటలు.