సలహా రైతుకు, బిల్లు ఎవరికి?

గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మిరప వేసిన రైతు ఫోన్ చేసి అడిగేది చాలాసార్లు ఒకటే ప్రశ్న: "చేను ముడుచుకుపోతోంది సార్, ఏ మందు కొట్టమంటారు?" వెంటనే ఒక మందు పేరు చెప్పేసేవాడితో జాగ్రత్తగా ఉండాలి. మిరపలో ముడత ఒక రకం కాదు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే అది తామర పురుగుల పని. ఆకు కిందికి ముడుచుకుని, కాడ సాగి, తిరగేసిన పడవలా కనిపిస్తే తెల్లనల్లి. ఆకులు చిన్నవైపోయి, ఈనెలు పసుపెక్కి, మొక్క గిడసబారితే వైరస్ అనుకోవాలి. దానికి ఏ మందూ పనిచేయదు. మొదట్లోనే ఆ మొక్కను పీకేసి, వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమను అదుపు చేయడం తప్ప దారి లేదు. నల్లి ఉన్న చేలో దాన్ని పురుగనుకుని సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే నల్లి తగ్గకపోగా పెరుగుతుంది. రైతు డబ్బులు పెట్టి మరీ తెగులును పెంచుకున్నట్టవుతుంది.

ఫోన్‌లో పంట సలహా ఇస్తామంటూ ఏటా వ్యవసాయ కళాశాలల పోటీల్లో విద్యార్థులు తెచ్చే స్టార్టప్ ప్రతిపాదనలను ఇక్కడి నుంచే పరీక్షించాలి. వాటిలో యాప్ గురించి పది స్లైడ్లుంటాయి. ఆకు పైకి ముడిచిందా, కిందికా అని ఎవరు అడుగుతారు, ఆ అడిగిన మనిషికి జీతం ఎవరిస్తారు అన్నదానికి ఒక్క స్లైడూ ఉండదు.

ఒక ప్రతిపాదనను తీసుకుని లెక్క వేసి చూద్దాం. నలుగురు వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు ఉన్నారనుకుందాం. చివరి ఏడాదిలో రావెప్ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండి రైతులతో పనిచేశారు. ఆ పరిచయాలతోనే రెండు మండలాల్లో 600 మంది మిరప రైతులను చేర్చుకుంటామంటున్నారు. సగటున ఒక్కొక్కరికి రెండెకరాలు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆరు నెలల సేవ. రైతు ఫోన్ చేసేదాకా కూర్చోకుండా నెలకు రెండుసార్లు వీళ్లే ఫోన్ చేస్తారు. అవసరమైన చోట ఫీల్డు అసిస్టెంటు చేనుకు వెళ్లి ఆకు, పూత ఫొటోలు పంపుతాడు.

వీళ్లే ఫోన్ చేయడం అన్నది ఈ పథకంలో నాకు నచ్చిన భాగం. ఫోన్‌లో సలహా అనేది కొత్తదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ కిసాన్ కాల్ సెంటర్ 2004 జనవరి నుంచి పనిచేస్తోంది. 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. కానీ అవతల కూర్చున్న వ్యక్తికి ఈ రైతు చేను తెలియదు. పోయిన వారం ఏం కొట్టాడో తెలియదు. ఈ లోటు మన దగ్గర ఎవరికీ తట్టలేదని కాదు. అదే 2004లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు వరంగల్ జిల్లా పత్తి రైతులకు 'ఈ-సాగు' మొదలుపెట్టారు. ఊళ్లో మనిషి చేను ఫొటోలు తీసి పంపితే, నిపుణులు వాటిని చూసి, రైతు అడగకముందే ఆ చేనుకు తగిన సలహా పంపేవారు. చేను చరిత్ర చేతిలో ఉంటేనే సలహాకు విలువ అని ఆ ప్రయోగం అప్పుడే చూపించింది. దాని ఖర్చు ఎవరు భరిస్తారన్నది మాత్రం తరవాత వచ్చిన వాళ్లందరికీ మిగిలిపోయిన ప్రశ్న.

మన విద్యార్థుల ఖర్చు ఎలా ఉంటుందో చూద్దాం. 600 మందికి నెలకు రెండు ఫోన్లంటే 1,200. రైతులు తమంతట తాము చేసేవి ఇంకో 600 అనుకుంటే మొత్తం 1,800. నెలకు 26 పనిదినాలైతే రోజుకు 70 దాకా ఫోన్లు. మాట్లాడి, ఫొటో చూసి, రాసుకోవడానికి ఫోనుకు పది నిమిషాలు పడితే ఒక మనిషి రోజుకు 35కు మించి చేయలేడు. అందుకని ఇద్దరు సలహాదారులు కావాలి. జీతం 22,000 చొప్పున 44,000. ఫీల్డు అసిస్టెంటుకు పెట్రోలుతో కలిపి 20,000. చిక్కు సమస్యలు చూసిపెట్టే విశ్రాంత శాస్త్రవేత్తకు గౌరవ వేతనం 10,000. ఫోన్లు, మెసేజీలు, సాఫ్ట్‌వేరుకు 6,000. అంటే నెలకు 80,000, ఆరు నెలలకు 4 లక్షల 80 వేలు. రైతుకు 800, ఎకరానికి 400 పడింది.

మిరపకు ఒక్కసారి మందు కొట్టించడానికి ఎకరానికి మందూ కూలీ కలిపి వెయ్యి రూపాయలు దాటడం మామూలే. సీజన్లో ఒక్క అనవసరపు స్ప్రే ఆపినా రైతుకు లాభమే కదా, మరి 800 ఎందుకివ్వడు? విద్యార్థులు ఇక్కడే బోల్తా పడతారు. ఆగిన స్ప్రే కంటికి కనిపించదు. పైగా రైతుకు సలహా ఇప్పటికే 'ఉచితంగా' దొరుకుతోంది, పురుగుమందుల కొట్లో. ఆ కొట్టాయన మందును అరువు మీద ఇస్తాడు, పంట అమ్మాక వడ్డీతో రాబట్టుకుంటాడు. సలహా ఖరీదు మందు ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి విడిగా తెలియదు. బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతుకైతే ఆ కొట్టు తప్ప దిక్కు లేదు. ఫోన్‌లో మీరు ఒక మందు చెబితే కొట్టాయన "అది లేదు, ఇది ఇంకా బాగా పనిచేస్తుంది" అని మరోటి చేతిలో పెడతాడు. అరువు పెట్టినవాడి మాట కాదనడం రైతుకు అంత తేలిక కాదు. ఈ స్టార్టప్‌కు అసలు పోటీదారు ఆ కొట్టే. సలహా ఇచ్చిన మర్నాడు మళ్లీ ఫోన్ చేసి ఏం కొన్నావో, ఏం కొట్టావో కనుక్కుని రాసుకోకపోతే ఆ ఫోను ఖర్చు వృథా.

రైతు జేబు మీద ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో చెప్పే అధ్యయనం కూడా ఒకటుంది. గుజరాత్‌లో పత్తి రైతులకు 'ఆవాజ్ ఓటలో' అనే ఫోన్ సేవ ఉండేది. దాన్ని షాన్ కోల్, నీలేశ్ ఫెర్నాండో అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. రైతులు సేవను బాగానే వాడుకున్నారు, పాత సలహాదారుల మీద ఆధారపడటం తగ్గించుకున్నారు. డబ్బులిచ్చి కొనుక్కోమంటే మాత్రం ఇవ్వడానికి సిద్ధపడిన మొత్తం సేవ ఖర్చు కంటే తక్కువే. ఒడిశాలో 2018లో మొదలైన 'అమ కృషి' రైతుల దగ్గర పైసా తీసుకోకుండా ప్రభుత్వంతో కలిసి నడిచింది.

అందుకని మన విద్యార్థులు రైతు దగ్గర 300 మాత్రమే అడుగుతున్నారు. అందరూ కట్టినా 1 లక్షా 80 వేలు. మిగిలిన 3 లక్షలు ఎక్కడి నుంచి? పురుగుమందుల కంపెనీలు ఇస్తామంటాయి. అక్కడ సంతకం పెట్టినరోజే సలహా చచ్చిపోయినట్టు. "ఈ వారం ఏమీ కొట్టొద్దు" అనడం ఈ సేవలో అన్నిటికంటే విలువైన సలహా. మందు అమ్ముడైతేనే డబ్బులొచ్చే చోట ఆ మాట నోట రాదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలోకి దూరి చేలను తుడిచిపెట్టినప్పుడు, కనిపించిన మందల్లా కలిపి కొట్టిన చోట్ల పురుగు తగ్గలేదు, ఖర్చు మాత్రం మిగిలింది.

రెండో దారి మిరప ఎగుమతిదారు. ఎండుమిర్చిలో మందుల అవశేషాలు పరిమితి దాటితే సరుకు వెనక్కి వస్తుంది. ఏ చేలో ఏ మందు, ఏ తేదీన కొట్టారో, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగారో రాసి ఉన్న సరుకు ఆయనకు కావాలి. ఆ లెక్క మన సలహాదారు పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. 600 మందిలో 150 మంది ఈ పద్ధతికి ఒప్పుకుని, రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా సరుకు అమ్మారనుకుందాం. ఎకరానికి 15 క్వింటాళ్ల చొప్పున రెండెకరాలకు 30, మొత్తం 4,500 క్వింటాళ్లు. క్వింటాలుకు 50 రూపాయల రుసుము ఎగుమతిదారు ఇస్తే 2 లక్షలా 25 వేలు. రైతుల చందాతో కలిపితే 4 లక్షలా 5 వేలు. ఇంకా 75 వేలు లోటు. ఆ 150 మంది 200 అయితే రుసుము 3 లక్షలవుతుంది, లెక్క సరిగ్గా సరిపోతుంది.

రైతుల సంఖ్యను 600 నుంచి 6,000కు పెంచితే లాభాలే లాభాలని ప్రతిపాదనల్లో రాస్తుంటారు. ఇక్కడ అది పొరపాటు. రైతులు పెరిగితే ఫోన్లెత్తే మనుషులూ పెరగాలి. 800 ఖర్చు పెట్టి 300 తీసుకునే బేరంలో ఎంతమందిని చేర్చుకుంటే అంత నష్టం. ఈ వ్యాపారాన్ని నిలబెట్టేది లెక్క రాసి ఉన్న మిర్చి క్వింటాళ్లు.

ఆ క్వింటాళ్ల మీదే పెద్ద ప్రమాదమూ ఉంది. గుంటూరు యార్డులో ధర ఎగిస్తే రైతు ఎగుమతిదారును వదిలి యార్డుకు పోతాడు. ధర పడితే ఎగుమతిదారే కొనుగోలు తగ్గిస్తాడు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంత పడిందంటే, మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది తరవాత రైతు మిరప మానేసి పత్తికో మొక్కజొన్నకో మళ్లుతాడు, 300 చందా కూడా పోతుంది. అందుకని రుసుములో సగం సరుకుతో సంబంధం లేకుండా, చేను లెక్క రాసినందుకే ముందుగా తీసుకునేలా ఒప్పందం రాసుకోవాలి.

ఇంకో ప్రమాదం తప్పు సలహా. పురుగుమందును లేబులు మీద ఉన్న పంటకే, ఉన్న మోతాదులోనే చెప్పాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ప్రతి మందుకూ అలా ఆమోదించిన లేబులుంటుంది. అది దాటి చెప్పి చేను మాడితే నష్టపరిహారం కోసం రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ప్రతి ఫోనూ రైతు అనుమతితో రికార్డు చేసుకోవాలి. ఫొటో స్పష్టంగా లేకపోతే "చెప్పలేం, మనిషిని పంపుతాం" అనగలగాలి.

విద్యార్థుల స్టార్టప్‌కు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. మిరప పూత మీదున్న నవంబరు, డిసెంబరుల్లోనే సెమిస్టరు పరీక్షలు వచ్చిపడతాయి. రైతు చేను నుంచి ఇంటికొచ్చి తీరిగ్గా మాట్లాడేది సాయంత్రం ఆరు తరవాత. పరీక్షల పేరుతో పదిరోజులు ఫోనెత్తకపోతే ఆ రైతు మళ్లీ కొట్టుకే వెళతాడు, తిరిగి రాడు. డిగ్రీ అయ్యాక నలుగురిలో ఇద్దరు పై చదువులకో వ్యవసాయాధికారి ఉద్యోగానికో పోతారు. ఎవరుంటారో ముందే కాగితం మీద రాసుకోని జట్టును నమ్మలేం.

నేను పోటీలో న్యాయనిర్ణేతనైతే ఈ ప్రతిపాదనకు పెట్టుబడి ఇవ్వను, గ్రాంటు ఇస్తాను. కేంద్ర ప్రభుత్వ ఆర్‌కేవీవై-రఫ్తార్ పథకం ఆలోచన దశలో ఉన్నవారికి 5 లక్షల వరకు సాయం పెట్టింది. ఒక సీజన్ నడపడానికి అది చాలు. సీజన్ చివర రెండే అడుగుతాను: చేరిన రైతులు చేరని రైతుల కంటే ఎన్ని స్ప్రేలు తక్కువ కొట్టారు? రెండో ఏడాదికి ఎంతమంది మళ్లీ 300 కట్టారు? సగం మంది కూడా కట్టకపోతే మూసేయడమే మంచిది.