ఇరవై తొమ్మిది రెట్లు ఎందుకు?

ఒక ఆప్-ఆంప్, 10 నానోఫారడ్ కెపాసిటర్లు మూడు, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు మూడు. ఇవి ఫేజ్-షిఫ్ట్ ఆసిలేటర్‌కు దాదాపు సరిపోతాయి. మిగిలింది ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒక్కటే. అది 270 కిలో ఓమ్‌లైతే సర్క్యూట్ మూగబోతుంది. 330 పెడితే సుమారు 650 హెర్ట్జ్ స్వరం మొదలవుతుంది. బయటి నుంచి ఏ సిగ్నలూ ఇవ్వక్కర్లేదు. రెసిస్టర్లలో ఎప్పుడూ ఉండే అతి సన్నని నాయిస్ చాలు.

ఆ నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి. మరి 650 మాత్రమే ఎందుకు నిలుస్తుంది? ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ తరంగాన్ని తలకిందులు చేస్తుంది, అంటే 180 డిగ్రీల మార్పు. మిగతా 180 డిగ్రీలను మూడు ఆర్‌సీ దశలు కలిసి ఇవ్వాలి. అప్పుడే తరంగం చుట్టు తిరిగొచ్చి తనతో తాను సరిగ్గా కలుస్తుంది. ఒక దశ 90 డిగ్రీల దాకా వెళ్లలేదు కనుక రెండు దశలు చాలవు. మూడు దశలు కచ్చితంగా 180 ఇచ్చే ఫ్రీక్వెన్సీ ఒక్కటే ఉంటుంది: f = 1/(2πRC√6). మన విలువలు వేస్తే వచ్చేది ఆ 650 హెర్ట్జే. అంతకు తక్కువ ఫ్రీక్వెన్సీలో మార్పు 180 దాటుతుంది, ఎక్కువలో అంతకు చేరదు.

తిరిగొచ్చిన తరంగం బలంగానూ ఉండాలి. ఒక్కో దశ 60 డిగ్రీలు మారిస్తే వోల్టేజీ సగమవుతుంది. ఆ లెక్కన మూడు దశల తర్వాత ఎనిమిదో వంతు మిగలాలి. కానీ వెనక దశ ముందు దశ నుంచి కరెంటు లాగుతుంది, అందువల్ల నిజంగా మిగిలేది 29వ వంతే. దశల మధ్య బఫర్లు పెడితే ఎనిమిది రెట్లే చాలు, అయితే స్వరం 919 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. బఫర్లు లేని మన సర్క్యూట్‌కు మాత్రం గెయిన్ 29 కావాలి. చివరి 10 కిలో ఓమ్‌లే యాంప్లిఫయర్ ఇన్‌పుట్ రెసిస్టర్ కూడా కాబట్టి 270 పెడితే వచ్చేది 27 రెట్లు, ప్రతి చుట్టులోనూ కొంత తరుగు. 330తో 33 రెట్లు.

ఫేజ్ కలవాలి, చుట్టు మొత్తం గెయిన్ ఒకటి కావాలి. ఈ రెండింటినీ జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ బార్క్‌హౌజన్ పేరుతో పిలుస్తారు. సరిగ్గా 29 పెట్టి ఊరుకోలేం. విడిభాగాల విలువలు కాస్త అటూ ఇటూ అయితే స్వరం ఆగిపోతుంది. అందుకే కొంచెం ఎక్కువ పెడతాం. అప్పుడు తరంగం పెరిగి పెరిగి ఆప్-ఆంప్ సప్లై హద్దును తాకుతుంది, స్కోప్‌లో శిఖరాలు చదునుగా కనిపిస్తాయి. ఆ కోతే సగటు గెయిన్‌ను మళ్లీ 29కి దించి తరంగాన్ని నిలబెడుతుంది, అయితే రూపం చెడుతుంది.

శుభ్రమైన సైన్ తరంగం కావాలంటే 330ని ఒకే ముక్కగా కాక 270, 60గా విడగొట్టి, 60కి అడ్డంగా రెండు డయోడ్లను ఎదురెదురు దిశల్లో కలపండి. తరంగం చిన్నగా ఉన్నప్పుడు డయోడ్లు తెరుచుకోవు, గెయిన్ 33గానే ఉంటుంది. పెద్దదయ్యేకొద్దీ అవి తెరుచుకుని గెయిన్‌ను 27 వైపు మెల్లగా లాగుతాయి. తరంగం సప్లై హద్దు దాకా పోకుండా, మధ్యలో 29 కుదిరే చోట నిలుస్తుంది.