రాజీనామా చేశాక కూడా డైరెక్టరేనా?

2004 మార్చి 2న ఒకాయన తన కంపెనీ డైరెక్టర్ పదవికి రాజీనామా చేశారు. రెండు రోజులు తిరక్కుండానే, మార్చి 4న, కంపెనీ ఆ సంగతిని ఫారం 32లో రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు తెలియజేసింది. ఆ తర్వాత ఏప్రిల్ 30 తేదీతో కంపెనీ ఇచ్చిన చెక్కులు బౌన్సయ్యాయి. డబ్బు అందనివాళ్లు పెట్టిన కేసులో ఈ మాజీ డైరెక్టర్ పేరు కూడా చేరింది. కేసు కొట్టేయమని ఆయన కోరితే కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. చివరికి 2011లో సుప్రీంకోర్టు ఆయన్ను కేసులోంచి తప్పించింది. చెక్కులిచ్చే నాటికి ఆయన డైరెక్టర్ కాదని చూపడానికి రిజిస్ట్రార్ దగ్గరున్న ఆ ఫారం అక్కరకొచ్చింది.

అదే ఫారం వెళ్లకుండా, రాజీనామా లేఖ ఒక్కటే ఏ ఫైల్లోనో పడి ఉంటే? తర్వాత ఎప్పుడో అల్లిన కాగితం అని ఎదుటి పక్షం వాదించడానికి దారి దొరికేది.

మన దగ్గర చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల్లో సంతకాల కోసమే పెట్టిన డైరెక్టర్లు చాలామంది ఉంటారు. చట్ట ప్రకారం కనీసం ఇద్దరు కావాలి కాబట్టి బావమరిది పేరో, కాలేజీ మిత్రుడి పేరో రాసేస్తారు. వ్యవహారం చెడినప్పుడు ఆ మిత్రుడు "నేను తప్పుకుంటున్నా" అని వాట్సాప్‌లో ఒక మాట పెట్టి, అంతటితో అయిపోయిందనుకుంటాడు. కంపెనీల చట్టం, 2013లోని 168వ సెక్షన్ అడిగేది కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చే నోటీసు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ముగ్గురు డైరెక్టర్లతో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజి కంపెనీ నడుస్తోంది. లెక్కలు, బ్యాంకు పనులు చూసే డైరెక్టర్ జూన్ నెలాఖరుకు తప్పుకోవాలనుకున్నారు. ఆయన జూన్ 10న రాసే లేఖ ఇలా ఉంటే సరిపోతుంది:

"బోర్డు ఆఫ్ డైరెక్టర్స్ వారికి. కుటుంబ బాధ్యతల వల్ల కంపెనీ డైరెక్టర్ పదవికి రాజీనామా చేస్తున్నాను. ఇది జూన్ 30 నుంచి అమల్లోకి వస్తుంది. నా దగ్గరున్న చెక్కు పుస్తకాలు, రిజిస్టర్లు, లాగిన్ వివరాలను జతచేసిన జాబితా ప్రకారం అప్పగిస్తున్నాను. దయచేసి ఈ రాజీనామాను బోర్డు సమావేశంలో నమోదు చేసి, గడువులోగా DIR-12 దాఖలు చేసి, దాని రసీదు ప్రతి నాకు పంపగలరు. బ్యాంకు, జీఎస్టీ, పీఎఫ్ రికార్డుల్లో నా పేరు తొలగించగలరు."

పైన ఆయన పేరు, డైరెక్టర్ గుర్తింపు సంఖ్య, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉండాలి. కింద తేదీ, సంతకం. అంతే.

ఇందులో లేని మాట ఒకటుంది. అర్జీలు రాసి రాసి మనకు "ఆమోదించ ప్రార్థన" అనడం అలవాటు. డైరెక్టర్ రాజీనామాకు ఆ ప్రార్థన అక్కర్లేదు. బోర్డు దాన్ని నమోదు చేసుకోవాలే తప్ప, వద్దని ఆపే అధికారం ఈ సెక్షన్ ఇవ్వలేదు. నోటీసు కంపెనీకి అందిన రోజు, లేఖలో రాసిన రోజు, ఈ రెండింటిలో ఏది వెనక వస్తే ఆ రోజు నుంచి రాజీనామా చెల్లుతుంది. మన ఉదాహరణలో లేఖ జూన్ 13న ఆఫీసుకు చేరితే పదవి జూన్ 30న ముగుస్తుంది. దారిలో ఆలస్యమై జూలై 4న చేరితే, ముగిసేది జూలై 4నే. పాత తేదీ వేసి వెనక్కి జరపడం కుదరదు. అందుకే స్పీడ్ పోస్టు రసీదు, డెలివరీ అయినట్టు చూపే కాగితం, ఈమెయిల్ ప్రతి జాగ్రత్తగా దాచుకోవాలి. మేనేజింగ్ డైరెక్టర్ లాంటి జీతం పదవిలో ఉంటే ఆ ఉద్యోగ ఒప్పందంలోని నోటీసు గడువు సంగతి వేరేగా చూసుకోవాలి.

లేఖ అందిన 30 రోజుల్లో కంపెనీ DIR-12 దాఖలు చేయాలి. పాత ఫారం 32 చేసిన పనిని ఇప్పుడు ఇదే చేస్తోంది. దాని మీద డిజిటల్ సంతకం చేయాల్సింది కంపెనీ తరఫువాళ్లు. గొడవ పడి బయటికొచ్చిన మనిషికి అసలు చిక్కు ఇక్కడే. మిగిలినవాళ్లు కావాలనే తాత్సారం చేస్తే కంపెనీ మీద ఆలస్యపు ఫీజు పెరుగుతుంది, మామూలు ఫీజుకు 12 రెట్ల దాకా వెళ్తుంది. కానీ అందాకా ప్రభుత్వ జాబితాలో ఈయన పేరు అలాగే కనిపిస్తూ ఉంటుంది.

దీనికి విరుగుడుగా DIR-11 ఉంది. రాజీనామా చేసిన వ్యక్తే తన లేఖను, కారణాలను, పంపినట్టు రుజువును జతచేసి 30 రోజుల్లో నేరుగా రిజిస్ట్రార్‌కు ఇచ్చే ఫారం ఇది. ఒకప్పుడు తప్పనిసరిగా ఉండేది, 2018 మే నుంచి ఐచ్ఛికమైంది. దీన్ని వేసినంత మాత్రాన కంపెనీ డైరెక్టర్ల జాబితాలోంచి పేరు పోతుందనుకోకూడదు, ఆ పని DIR-12 చేయాలి. అయినా తాను ఫలానా రోజు తప్పుకున్నానని రిజిస్ట్రార్ దగ్గర ఒక ఆధారం ఏర్పడుతుంది. సామరస్యంగా విడిపోయినా సరే, ఐచ్ఛికమే కదా అని దీన్ని వదిలేయడం తెలివైన పని కాదు.

పేరు తొలగిందో లేదో తెలుసుకోవడం సులువే. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ప్రస్తుత డైరెక్టర్లెవరో వస్తుంది. రెండు నెలలయ్యాక ఒకసారి చూసుకుంటే చాలు. చూసుకోకపోతే ఏమవుతుందో 2017లో తేలింది. వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయని కంపెనీల కారణంగా ఆ ఏడాది 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లను కేంద్రం అనర్హులుగా ప్రకటించింది. ఆ అనర్హత ఐదేళ్లు, అదీ ఏ కంపెనీలోనైనా.

ఇద్దరే డైరెక్టర్లున్న కంపెనీలో మరో ముడి ఉంది. ఒకరు వెళ్లిపోతే మిగిలిన ఒక్కరూ బోర్డు కాలేరు. కొత్త డైరెక్టర్‌ను తెచ్చుకోవడానికో, వాటాదారుల సమావేశం పిలవడానికో తప్ప బోర్డు పేరిట ఏమీ చేయలేరు. ముందే మరొకరిని నియమించి, ఆ తర్వాత రాజీనామా నమోదు చేయడం ఇద్దరికీ మేలు.

అప్పగింతల జాబితాలో ఎక్కువమంది మరిచేది డిజిటల్ సంతకం. పెన్‌డ్రైవ్‌లా ఉండే ఆ టోకెన్ డైరెక్టర్ సొంత సొత్తు. కానీ చిన్న కంపెనీల్లో అది తరచూ ఆడిటర్ ఆఫీసు సొరుగులో, పాస్‌వర్డ్ రాసిన చీటీతో సహా పడి ఉంటుంది. వెళ్లేవాళ్లు కంపెనీ వస్తువులన్నీ ఇచ్చేసి సంతకం తీసుకోవాలి, ఆ టోకెన్ మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి.

ఇవన్నీ సక్రమంగా చేసినా పాత లెక్క పోదు. పదవిలో ఉన్న కాలంలో జరిగిన నేరాలకు రాజీనామా తర్వాత కూడా బాధ్యత ఉంటుందని 168వ సెక్షనే చెబుతోంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ రాజీనామా కూడా, వేల కోట్ల దొంగలెక్కల ఒప్పుకోలు కూడా. అది ఆయన్ను దేన్నుంచీ కాపాడలేదు. 2015లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయనకు జైలు శిక్ష వేసింది.

నేరం మాట అటుంచి, నిజాయతీపరుణ్ని కూడా వదలనిది బ్యాంకు గ్యారంటీ. కోల్డ్ స్టోరేజి అప్పుకు మన డైరెక్టర్ వ్యక్తిగత హామీ ఇచ్చి ఉంటే, అది ఆయనకూ బ్యాంకుకూ మధ్య విడిగా ఉన్న ఒప్పందం. డైరెక్టర్ పదవి పోయినా హామీ పోదు. రాజీనామా ప్రతితో బ్యాంకుకు వేరే లేఖ రాసి, ఇకముందు ఇచ్చే అప్పులకు తన హామీ వర్తించదని చెప్పవచ్చు. అప్పటికే తీసుకున్న అప్పు విషయంలో మాత్రం తన బదులు మరొకరి హామీకి బ్యాంకును ఒప్పించి, తనను విడుదల చేసినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ బేరం రాజీనామాకు ముందే, బోర్డులో తన మాట ఇంకా చెల్లుతున్నప్పుడే తెగ్గొట్టుకోవడం మంచిది. బయటికొచ్చాక మిగిలినవాళ్లకు కొత్త హామీదారును వెతికే తొందర ఉండదు.