బాస్ ఫొటో, కొత్త నంబరు, పది వేల కార్డు

హైదరాబాద్‌లో ఒక మధ్యతరగతి కంపెనీ అనుకుందాం. ఎకౌంట్స్ సెక్షన్‌లో ఓ అమ్మాయి చేరి నెలన్నర అయింది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుండగా వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. తెలియని నంబరే గానీ, డీపీలో నవ్వుతున్నది సాక్షాత్తూ ఎండీ గారు. "హాయ్, ఆఫీసులో ఉన్నావా? ఇది నా పర్సనల్ నంబర్." ఉన్నాను సార్ అంది. "క్లయింట్‌తో కాన్ఫరెన్స్‌లో ఉన్నాను, కాల్ మాట్లాడలేను. ఒక పని అర్జెంటుగా చేసిపెట్టాలి. కొందరు క్లయింట్లకు గిఫ్ట్ కార్డులు ఇవ్వాలి. పది వేలవి ఐదు కొని కోడ్‌లు నాకు పంపు. సాయంత్రం రీయింబర్స్ చేయిస్తాను. ఎవరికీ చెప్పకు, సర్‌ప్రైజ్."

ఇదంతా ఇంగ్లిషులో వచ్చింది. ఆ అమ్మాయి క్రెడిట్ కార్డుతో ఐదు కార్డులు కొని, కోడ్‌లు కాపీ చేసి పంపింది. పది నిమిషాల్లో మళ్లీ మెసేజ్: "గుడ్. ఇంకో పది కావాలి." అప్పుడు గానీ అనుమానం రాలేదు. సందేహం తీర్చుకుందామని ఆ నంబరుకే ఫోన్ చేస్తే కట్ అయింది. "మీటింగ్ అన్నానుగా" అని జవాబు వచ్చింది.

పేర్లు, అంకెలు మారతాయి గానీ ఈ మోసం నడక దాదాపు ఇంతే. చిన్న కంపెనీ నుంచి విశ్వవిద్యాలయం దాకా, కలెక్టరేటు నుంచి ఆసుపత్రి దాకా ఇదే వరస. పెద్ద పదవుల పేర్లు వాడుకోవడానికీ వీళ్లు జంకరు. 2022 ఏప్రిల్‌లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి పేరుతో ఎవరో వాట్సాప్‌లో ప్రముఖులకు మెసేజ్‌లు పెట్టి ఆర్థిక సాయం అడుగుతున్నారని ఆయన కార్యాలయమే హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది.

దీనికి హ్యాకింగ్ అక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఎండీ ఫొటో ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఆ సంతోషాన్ని లింక్డ్‌ఇన్‌లో పంచుకుంటారు. ఆ రెండూ కలిపితే సరిపోయింది. కొత్తవాళ్లనే ఎంచుకోవడంలో వాళ్ల లెక్క వాళ్లకుంది: ఆ బాస్ ఎలా మాట్లాడతారో, ఏం అడుగుతారో, ఏం అడగరో కొత్తవాళ్లకు ఇంకా తెలియదు. పైగా ఎండీ అంతటివారు స్వయంగా పని చెప్పారంటే మనసు ఉప్పొంగుతుంది. ఎదురు ప్రశ్న వేస్తే ఏమనుకుంటారోనన్న జంకు దానికి తోడవుతుంది. మన ఆఫీసుల్లో సార్ అన్నాక సార్ అంతే కదా!

మరి నేరుగా యూపీఐలో డబ్బే పంపమనొచ్చుగా, ఈ కార్డుల గొడవ ఎందుకు? అసలు కిటుకు అక్కడే ఉంది. యూపీఐలో పంపబోతే స్క్రీన్ మీద అవతలి ఖాతాదారు పేరు కనిపిస్తుంది. ఎండీ గారి పేరుకు బదులు ఎక్కడిదో ముక్కూమొహం తెలియని పేరు కనిపిస్తే ఎవరైనా ఆగుతారు. పైగా బ్యాంకు ఖాతాలోకి డబ్బు వెళ్తే దాని జాడ మిగులుతుంది, ఫిర్యాదు త్వరగా అందితే ఆ సొమ్మును ఆపొచ్చు. గిఫ్ట్ కార్డు కొన్నప్పుడు డబ్బు వెళ్లేది పేరున్న కంపెనీకి. బ్యాంకుకు అది మామూలు షాపింగ్‌లాగే కనిపిస్తుంది. దొంగ చేతికి వెళ్లేది డబ్బు కాదు, కొన్ని అంకెలూ అక్షరాలూ మాత్రమే.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మన దేశంలో ఒక్కో గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు మించకూడదు. దాన్ని నగదుగా మార్చుకోవడానికి గానీ, వేరే ఖాతాకు పంపడానికి గానీ వీల్లేదు. అందుకే వాళ్లు "పది వేలవి ఐదు" అంటారు తప్ప "యాభై వేలది ఒకటి" అనరు. నగదుగా మార్చలేకపోతే ఏం, కోడ్‌ను తగ్గింపు ధరకు ఇంకొకరికి అమ్మేయొచ్చు. లేదా దాంతో వస్తువులు కొని వాటిని అమ్ముకోవచ్చు. ఈ వ్యాపారం ఎంత వేగంగా సాగుతుందో అమెరికాకు చెందిన అగారీ అనే ఈమెయిల్ భద్రతా సంస్థ 2019లో బయటపెట్టింది. నైజీరియా కేంద్రంగా నడిచే ఒక ముఠా ఓ విశ్వవిద్యాలయ ఉద్యోగి దగ్గర సుమారు 1,800 డాలర్ల ఐట్యూన్స్ కార్డులు రాబట్టి, వాటిని దాదాపు 700 డాలర్ల బిట్‌కాయిన్‌కు అమ్మేసింది. ఈ తతంగమంతా మూడు గంటల లోపే అయిపోయింది. సగానికి పైగా విలువ పోయినా వాళ్లకు బాధ లేదు, పెట్టుబడి వాళ్లది కాదు.

అంటే మోసపోయామని తెలిశాక మన చేతిలో ఉండేది నిమిషాల వ్యవధే. చాలామంది ఆ సమయాన్ని దొంగను తిట్టడానికో బతిమాలడానికో ఖర్చు పెడతారు. చేయాల్సింది వేరు. కోడ్‌లు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. వాటిని వెంటనే ఒక్కొక్కటిగా మీ సొంత ఖాతాలోనే జమ చేసి చూడండి. సాధారణంగా ఒక కోడ్ ఒక ఖాతాలోనే పడుతుంది, ఎవరు ముందు వేసుకుంటే వాళ్లదే. పై ఉదాహరణలోని ఐదింటిలో రెండు పడ్డాయనుకోండి, ఇరవై వేలు బ్యాలెన్సుగా మిగిలినట్టే. అప్పటికే వాడేశారని వచ్చినవాటి ఆర్డర్ నంబర్లు తీసుకుని, కార్డు అమ్మిన కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, మోసం జరిగింది, ఆ బ్యాలెన్సును ఆపమని అడగాలి. ఆ నంబరును గూగుల్‌లో వెతక్కండి, యాప్‌లోంచే వెళ్లండి. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లతో ఇంకో మోసం కాచుకుని ఉంటుంది. వెంటనే 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. అవతలివాడు మెసేజ్‌లు తుడిచేయకముందే నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి.

బ్యాంకు తిరిగి ఇస్తుందన్న ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోవద్దు. మనకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే ఒక లెక్క. ఇక్కడ కొన్నది మనమే, ఓటీపీ కొట్టిందీ మనమే.

గుర్తుపట్టడానికి ఆనవాళ్లు లేకపోలేదు. మీ కాంటాక్టుల్లో లేని నంబరు నుంచి మెసేజ్ వస్తే వాట్సాప్ ఆ సంగతి చెబుతుంది. +91 కాకుండా వేరే దేశపు కోడ్ ఉంటే అది ఇంకో సూచన. అయితే +91 ఉన్నంత మాత్రాన నమ్మడానికీ లేదు. డీపీకి విలువే లేదు, ఎవరి ఫొటో అయినా ఎవరైనా పెట్టుకోవచ్చు. నా మట్టుకు వీటన్నిటికంటే గట్టి ఆనవాలు భాష. రోజూ "ఏమ్మా, ఆ ఫైలు ఏమైంది?" అని అడిగే మనిషి ఉన్నట్టుండి "ఐ నీడ్ యువర్ అసిస్టెన్స్" అన్నాడంటే ఆయన ఆయన కాదు.

అనుమానం తీర్చుకోవాలంటే కొత్త నంబరుకు కాదు, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు చేయాలి. ఎత్తకపోతే ఆయన పీఏనో, పక్క సీట్లోని సీనియర్‌నో అడగాలి. "ఎవరికీ చెప్పకు" అన్న మాట పెట్టేది సరిగ్గా ఈ పని జరగకుండా చూడటానికే. మోసమని ముందే పసిగట్టి డబ్బు పోగొట్టుకోనివాళ్లు కూడా కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని 'చక్షు' విభాగంలో ఆ నంబరు గురించి తెలియజేయవచ్చు.

ఆఖరి మాట ఉద్యోగులకు కాదు, బాసులకు. మీ ఫొటో చూసి భయపడే మనిషి మీ ఆఫీసులో ఉన్నంతకాలం ఈ మోసానికి గిరాకీ ఉంటుంది. రేపు పొద్దున్నే సిబ్బందిని పిలిచి ఒక్క మాట చెప్పండి: "మెసేజ్ పెట్టి మిమ్మల్ని మీ డబ్బుతో నేనేదీ కొనమనను. నా పేరుతో అలా ఎవరైనా అడిగితే, నేను ఎంత పెద్ద మీటింగులో ఉన్నా సరే, నాకు ఫోన్ చేయండి." అలా చేసినవాళ్ల మీద విసుక్కోకండి కూడా.