గ్యాస్ మాత్ర వేసుకుని టెస్టుకు వెళ్తే క్రిమి కనిపించదు

ఇండియా నుంచి వచ్చే ప్రతి పెట్టెలోనూ ఊరగాయ జాడీతో పాటు నాలుగైదు గ్యాస్ మాత్రల స్ట్రిప్పులు ఉంటాయి కదా? మా కువైట్‌లో నేను చూసిన పెట్టెల్లో అవి లేనిది లేదు. అందుకే ఈసారి వాటి గురించే రాస్తున్నాను. వాటిని వేసుకోవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో, దేన్ని దాచిపెడతాయో చెబుతాను.

రాయచోటి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంట్లో పనిచేసే అక్క ఉంది. 42 ఏళ్లు. పేరు రాయను, అక్క అనే పిలుద్దాం. మూడేళ్ల క్రితం ఆమెకు రాత్రి రెండు గంటలప్పుడు బొడ్డుకు పైన మంట మొదలైంది. లేచి రెండు బిస్కెట్లు తిని నీళ్లు తాగితే తగ్గేది, తెల్లారేసరికి మళ్లీ వచ్చేది. సెలవుకు ఊరు వెళ్లినప్పుడు ఎండోస్కోపీ చేస్తే చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. అప్పుడే చిన్న ముక్క తీసి క్రిమి ఉందేమో చూశారు. లేదు అన్నారు. పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర 8 వారాలు వాడమన్నారు. మంట పోయింది. మాత్ర మానేసిన మూడు నెలలకు మళ్లీ వచ్చింది.

"ఏం చేసేది సిస్టరమ్మా, మాత్ర మింగితే పోతాది, మానితే వస్తాది. బతికినన్నాళ్లు ఇదే మింగల్నేమో" అని నాతో అంది. నేను ఒకటే అడిగాను. "అక్కా, ఎండోస్కోపీ చేసిన రోజు కూడా ఈ మాత్ర వేసుకున్నావా?" వేసుకుంది. దానికి ముందు నెల రోజులుగా కూడా వేసుకుంటూనే ఉంది. ఆమె కథలో అసలు ముడి అక్కడే ఉంది.

కడుపులో పుండుకు ముఖ్యమైన కారణాలు రెండు. ఒకటి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు. రెండోది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందు పుండుకు యాసిడ్ తగ్గించే మందులే దిక్కు. మానేస్తే చాలామందికి ఏడాది లోపే పుండు తిరగబెట్టేది. మన అక్కకు జరిగింది సరిగ్గా అదే.

ఇప్పుడు మాత్రల సంగతి. కడుపులో యాసిడ్ తయారుచేసే కణాల్లో చిన్న చిన్న పంపులు ఉంటాయి. మన ఇంటి మోటారుకు స్విచ్చులు ఉన్నట్టే, ఈ పంపుకు మూడు వైపుల నుంచి "నడువు" అని కబురు వస్తుంది. అందులో ఒక కబురు తెచ్చేది హిస్టమిన్. ఫామోటిడిన్ లాంటి మాత్రలు ఆ ఒక్క స్విచ్చును మూస్తాయి. మిగతా రెండూ తెరిచే ఉంటాయి. అందుకే వీటి బలం తక్కువ. కానీ గంటలోపే పని మొదలుపెడతాయి, రాత్రి పూట యాసిడ్‌ను బాగానే ఆపుతాయి. వారం, రెండు వారాలు రోజూ వాడితే మాత్రం శరీరం అలవాటు పడి ప్రభావం తగ్గుతుంది. మనవాళ్లు ఒకప్పుడు తెగ వాడిన రానిటిడిన్ కూడా ఈ జాతిదే. అందులో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి, 2020లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేయమన్నారు. ఇంట్లో పాత స్ట్రిప్పు ఉంటే పారేయండి.

పాంటోప్రజోల్, ఓమెప్రజోల్, ఎసోమెప్రజోల్ రెండో జాతి. ఇవి స్విచ్చుల జోలికి పోవు, నేరుగా మోటారునే పట్టేస్తాయి. కబురు ఏ వైపు నుంచి వచ్చినా పంపు నడవదు. శరీరం కొత్త పంపు చేసుకునే దాకా అంతే. అందుకే పుండు మాన్పడంలో వీటిదే పైచేయి. కానీ ఇవి నడుస్తున్న పంపునే పట్టగలవు, పంపులు లేచేది మనం తిన్నప్పుడు. కాబట్టి టిఫినుకు 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. మన అక్క రాత్రి పని అంతా ముగించి, తిని, పడుకునే ముందు టీతో వేసుకునేది. సగం మాత్ర వృథా అయినట్టే. పైగా పూర్తి బలం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మంట వచ్చినప్పుడు ఒకటి వేసి "పని చేయలేదు" అంటే ఎలా?

అయితే రెండు జాతుల్లో దేనికీ క్రిమిని చంపే శక్తి లేదు. అంతకన్నా చిక్కు ఇంకొకటి ఉంది. పంపును ఆపే మాత్ర వాడుతుంటే క్రిముల సంఖ్య తగ్గి, అవి కడుపు కింది భాగం నుంచి పై భాగానికి జరిగిపోతాయి. చావవు, దాక్కుంటాయి. అప్పుడు ముక్క తీసి చూసినా, ఊపిరి టెస్టు చేసినా, మలం టెస్టు చేసినా "లేదు" అని రావచ్చు. ఉన్న క్రిమిని లేదని చెప్పే రిపోర్టు అది. కాబట్టి టెస్టుకు 2 వారాల ముందు నుంచి పంపు మాత్ర ఆపాలి. యాంటీబయాటిక్ వాడి ఉంటే 4 వారాలు గడవాలి. రక్త పరీక్ష చేయించుకుంటామంటారేమో, క్రిమి పోయిన తర్వాత కూడా అది ఏళ్ల తరబడి పాజిటివ్‌గా ఉండగలదు. ఇప్పుడు ఉందో లేదో చెప్పలేదు.

"రెండు వారాలా? మంటకు చచ్చిపోతాను" అంది అక్క. ఆ భయం నిజమే. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే, అణిగి ఉన్న యాసిడ్ ముందుకన్నా ఎక్కువగా ఎగదన్నుతుంది. మానిన కొద్ది రోజులకే మొదలై వారాల్లో సర్దుకుంటే చాలావరకు అది ఈ ఎగదన్నుడే. నెలలు బాగుండి మళ్లీ వస్తే పుండును అనుమానించాలి. ఈ రెండు వారాలు దాటించడానికి చిన్న జాతి మాత్ర పనికొచ్చింది. డాక్టరు ఆమెకు ఫామోటిడిన్ 20 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాశారు. అది క్రిమిని పెద్దగా దాచదు. టెస్టుకు రెండు రోజుల ముందు దాన్నీ ఆపమన్నారు. ఒక్క హెచ్చరిక. పుండు నుంచి రక్తం కారిన చరిత్ర ఉన్నవాళ్లు, గుండె కోసం ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పంపు మాత్ర ఆపకూడదు.

మలం టెస్టు పాజిటివ్ వచ్చింది. మూడేళ్లుగా ఉన్నది అప్పుడు బయటపడింది.

తర్వాత 14 రోజుల కోర్సు. ఒకప్పుడు క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, పంపు మాత్ర కలిపి మూడు మందుల కిట్టు ఇచ్చేవారు. క్లారిత్రోమైసిన్‌కు క్రిమి మొండికేయడంతో, అది పనిచేస్తుందని పరీక్షలో తేలితే తప్ప ఇప్పుడు దాన్ని మొదట ఇవ్వడం తగ్గింది. అక్కకు నాలుగు మందులు రాశారు. పంపు మాత్ర టిఫినుకు, రాత్రి భోజనానికి ముందు. బిస్మత్, టెట్రాసైక్లిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు మూడుసార్లు. యాసిడ్ తగ్గితేనే యాంటీబయాటిక్స్ బాగా పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ పంపు మాత్ర కావాల్సిందే. అంటే రోజుకు 13 మాత్రలు. ఇంటి పని మధ్యలో ఇన్ని మింగడం మాటలు కాదు. ఒక కాగితం మీద టిఫిను, మధ్యాహ్నం, రాత్రి, పడక అని నాలుగు గడులు గీసి వంటగదిలో అతికించమన్నాను. రంజాన్ ఉపవాసాలు ఉండే అక్కలకు ఈ నాలుగు పూటలు కుదరవు, అత్యవసరం కాకపోతే నెల గడిచాక మొదలుపెట్టవచ్చేమో డాక్టరును అడగండి.

నాలుగో రోజు ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, నోరంతా ఇనుము నాకినట్టుంది, నాలుక నల్లగైంది, దొడ్డికి కూడా నల్లగా పోతాంది. మానేద్దునా?" నోటి రుచి మెట్రోనిడజోల్ వల్ల, నలుపు బిస్మత్ వల్ల. కోర్సు అయ్యాక పోతాయి. కానీ నలుపులో తేడా తెలుసుకోవాలి. బిస్మత్ నలుపు మామూలు గట్టిదనంతోనే ఉంటుంది. రక్తం కారితే తారులా జిగటగా, తట్టుకోలేని వాసనతో వస్తుంది. దానితో తల తిరగడం, కాఫీ పొడి లాంటి వాంతి, ఉన్నట్టుండి కడుపు గట్టిపడే నొప్పి ఉంటే మాత్రల సంగతి పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కకు అవేవీ లేవు, కొనసాగించమన్నాను.

ఇంకో రెండు జాగ్రత్తలు. టెట్రాసైక్లిన్‌ను పాలు, పెరుగుతో వేసుకోకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగి, కాసేపు కూర్చుని పడుకోవాలి, లేకపోతే గొంతు కింద అంటుకుని పుండు చేస్తుంది. గర్భిణులు ఈ కోర్సు వాడకూడదు. సగంలో ఆపేస్తే మిగిలిన క్రిమి మొండిదవుతుంది, అదే మందు రెండోసారి పనిచేయకపోవచ్చు. అందుకే స్నేహితురాలి దగ్గర మిగిలిన మాత్రలతో మొదలుపెట్టకండి.

కోర్సు అయిపోయింది, మంట పోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మంట పోవడం అంటే క్రిమి పోయినట్టు కాదని అక్కకు మూడేళ్లుగా తెలుసు. చివరి యాంటీబయాటిక్ తర్వాత 4 వారాలు ఆగి, అందులో కనీసం ఆఖరి 2 వారాలు పంపు మాత్ర లేకుండా మళ్లీ టెస్టు చేయించాలి. ఆమె చేయించుకుంది. ఈసారి నెగెటివ్. మాత్ర లేకుండా వచ్చిన నెగెటివ్ కాబట్టి దాన్ని నమ్మవచ్చు.

మీ ఇంట్లో, లేదా ఊళ్లో ఉన్న అమ్మ దగ్గర "క్రిమి లేదు" అన్న రిపోర్టు ఉంటే దాని మీద తేదీ చూడండి. ఆ తేదీకి ముందు రెండు వారాల్లో ఏ గ్యాస్ మాత్ర వేసుకున్నారో అడిగి, ఆ కాగితం పక్కనే రాసిపెట్టి, ఈసారి డాక్టరుకు రెండూ కలిపి చూపించండి.

ఈ సెలవుకు ఊరు వెళ్లిన అక్క పెట్టెలో ఊరగాయ తెచ్చింది. మాత్రల స్ట్రిప్పులు తేలేదు.